మూడు మూడులు, రెండు వేళ్లు

ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చిందంటే నేను పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు పెడుతుంటాను. ఒకరోజు నలుగురిని కూర్చోబెట్టి బోర్డు మీద ఈ అరే రాశాను.

```
1 1 2 3 3 3 5 5 7
```

"చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్య దాకా వరుసలోనే ఉంది. కూడితే 6 వచ్చే జతలు ఎన్నో చెప్పండి" అన్నాను.

"టూ పాయింటర్ కదా సర్" అంటూ నలుగురూ ల్యాప్‌టాప్‌లు తెరిచారు. పది నిమిషాల తర్వాత అడిగితే మొదటి అబ్బాయి 2 అన్నాడు. పక్కనున్న అమ్మాయి 7 అంది. మూడో అతను 3 అన్నాడు. నాలుగో అతను కాస్త అనుమానంగా, "నాకు 4 వచ్చింది సర్" అన్నాడు.

ఎవరిది తప్పు? తొందరపడకండి. ఆ నాలుగింట్లో మూడు జవాబులు సరైనవే. ఒక్కటే ఏ లెక్కకూ అందనిది. అదేదో ఈ అధ్యాయం సగం దాటేసరికి మీరే పట్టుకుంటారు. అప్పటికి, నమూనా టెస్టులన్నీ పాసైన మీ కోడ్ సబ్మిట్ నొక్కగానే ఎందుకు బోల్తా పడుతోందో కూడా తెలిసిపోతుంది.

ఇంట్లో పేకముక్కలు ఉన్నాయా? రెండు ఆసులు, ఒక రెండు, మూడు మూడులు, రెండు ఐదులు, ఒక ఏడు తీసి బల్ల మీద వరుసగా పరవండి. ఆసును 1 అనుకోండి. పేక లేకపోతే కాగితం ముక్కలైనా చాలు.

1. ముందు వేళ్లు కదపండి, కోడ్ తర్వాత

ఎడమ చేతి చూపుడువేలు మొదటి ముక్క మీద పెట్టండి. అది `i`. కుడి చేతి వేలు చివరి ముక్క మీద పెట్టండి. అది `j`. ఇప్పుడు రెండు ముక్కల్నీ కూడండి. 1, 7 కలిస్తే 8. మనకు కావాల్సింది 6. ఎక్కువైంది కాబట్టి కుడి వేలిని ఒక ముక్క లోపలికి జరపండి. తక్కువైతే ఎడమ వేలిని లోపలికి జరపాలి.

ఇది అందరికీ తెలిసిందే. మరి 7ను అలా వదిలేసినప్పుడు, దానికి సరిపోయే జోడీ మధ్యలో ఎక్కడో ఉండిపోలేదని మీకు నమ్మకం ఏమిటి? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుందనుకోండి. జవాబు సులువే. 7 పక్కన మనం పెట్టిన 1, మిగిలిన ముక్కలన్నింట్లోకీ చిన్నది. అన్నింటికన్నా చిన్నదాంతో కలిసినా మొత్తం ఎక్కువైందంటే, ఇంక దేనితో కలిసినా ఎక్కువే అవుతుంది. కాబట్టి 7కు జోడీ లేదు, నిశ్చింతగా వదిలేయొచ్చు. తక్కువైనప్పుడు ఎడమ ముక్కను వదిలేయడానికీ ఇదే వాదన తిరగేసి వర్తిస్తుంది.

ఈ వాదన మొత్తం నిలబడింది ముక్కలు వరుసలో ఉన్నాయన్న ఒక్క నమ్మకం మీదే. మీకు ఇచ్చిన అరే వరుసలో లేకపోతే ముందు సార్ట్ చేయాలి. సార్ట్ చేస్తే ముక్కలు చోటు మారతాయి. జవాబుగా పాత ఇండెక్సులు అడిగారనుకోండి, ప్రతి విలువతో పాటు దాని పాత ఇండెక్సును కూడా జతకట్టి సార్ట్ చేయండి. లేదా ఆ ప్రశ్నకు టూ పాయింటర్ మానేసి హ్యాష్ మ్యాప్ వాడండి.

2. మొత్తం సరిపోయిన చోట ఆగి, ఒక ప్రశ్న అడగండి

కుడి వేలు ఇప్పుడు రెండో ఐదు మీద ఉంది. 1, 5 కలిస్తే 6. దొరికింది! ఇప్పుడు ఏ వేలు కదపాలి? ఎంత దూరం కదపాలి?

తక్కువైనప్పుడు, ఎక్కువైనప్పుడు ఏం చేయాలో ఎవరూ తప్పు రాయరు. మొత్తం సరిగ్గా సరిపోయినప్పుడు ఏం చేయాలన్న దగ్గరే నలుగురూ నాలుగు దారులు పట్టారు. ఎందుకంటే నేను "జతలు ఎన్ని" అన్నానే గాని, జత అంటే ఏమిటో చెప్పలేదు. ఒకే సంఖ్య మళ్లీ మళ్లీ వచ్చే అరేలో ఆ మాటకు మూడు అర్థాలున్నాయి.

మొదటి అర్థం, వేర్వేరు విలువల జతలు. 1తో 5 ఒక జత, 3తో 3 ఒక జత. ఐదు ఎన్నిసార్లు వచ్చినా మనకు పట్టదు. జవాబు 2.

రెండో అర్థం, వేర్వేరు స్థానాల జతలు. మొదటి ఆసు మొదటి ఐదుతో ఒకటి, రెండో ఐదుతో ఒకటి. రెండో ఆసుకూ అలాగే రెండు. ఇవి నాలుగు. మూడు మూడుల్లోంచి రెండేసి తీస్తే మూడు జతలు. మొత్తం 7.

మూడో అర్థం, ఒక ముక్కను ఒక్కసారే వాడే జతలు. కలిసిన రెండు ముక్కల్నీ తీసి పక్కన పెట్టేయాలి. ఆసు-ఐదు జతలు రెండు, మూడుల్లోంచి ఒక జత. ఒక మూడు ఒంటరిగా మిగిలిపోతుంది. జవాబు 3.

చూశారా? 2, 7, 3 అన్న ముగ్గురూ లెక్క తప్పలేదు. తాము ఏ ప్రశ్నకు జవాబిస్తున్నారో మాత్రం ముగ్గురూ చెప్పలేదు. ఇంటర్వ్యూలో కోడ్ మొదలుపెట్టే ముందు ఒక్క వాక్యం అడగండి: "సర్, అరేలో రెండు 1లు, రెండు 5లు ఉంటే జవాబు 1 రావాలా, 4 రావాలా, 2 రావాలా?" `1 1 5 5`కు మూడు ప్రశ్నలూ మూడు వేర్వేరు సంఖ్యలిస్తాయి కాబట్టి ఎదుటివారు ఏ సంఖ్య చెప్పినా మీ దారి తేలిపోతుంది. ఆన్‌లైన్ పరీక్షలో అడగడానికి మనిషి ఉండడు. అక్కడ ఇచ్చిన నమూనాలో సంఖ్యలు రెండుసార్లు వచ్చిన చోటు వెతికి, ఈ మూడింట్లో ఏది సరిపోతుందో చేత్తో లెక్కేసి చూడండి.

3. వేర్వేరు విలువలు కావాలంటే: ముందు పోల్చండి, తర్వాత దాటండి

ఈ ప్రశ్నలో జత దొరకగానే దాన్ని రాసుకుని, ఎడమ వేలిని ఆసులన్నీ దాటించాలి, కుడి వేలిని ఐదులన్నీ దాటించాలి.

```python
def unique_pairs(a, t):
    i, j = 0, len(a) - 1
    out = []
    while i < j:
        s = a[i] + a[j]
        if s < t:
            i += 1
        elif s > t:
            j -= 1
        else:
            x, y = a[i], a[j]
            out.append((x, y))
            while i < j and a[i] == x:
                i += 1
            while i < j and a[j] == y:
                j -= 1
    return out
```

ముక్కల మీద నడిపించండి. (1, 5) రాసుకున్నాక ఎడమ వేలు 2 మీదకి, కుడి వేలు చివరి మూడు మీదకి వస్తాయి. మొత్తం 5, తక్కువ. ఎడమ వేలు మొదటి మూడు మీదకి వెళ్తుంది. 3, 3 కలిస్తే 6. రాసుకున్నాం. ఎడమ వేలు మూడుల్ని దాటుకుంటూ వెళ్లి కుడి వేలిని తాకి ఆగుతుంది. ఆట ముగిసింది. రెండు జతలు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ చూస్తుంటాను.

ఒకటి, లూప్ మొదట్లోనే డూప్లికేట్లు దాటేయడం. "ఎలాగూ ఒకే విలువ కదా, ముందే దాటేస్తే పనైపోతుంది" అనిపిస్తుంది. `3 3` అనే రెండు ముక్కల అరే తీసుకుని 6 వెతకండి. పోల్చకముందే ఎడమ వేలు మొదటి మూడును దాటేస్తే రెండు వేళ్లూ ఒకే ముక్క మీద పడతాయి. అక్కడ ఆగిపోతే ఉన్న ఒక్క జతా జారిపోయినట్టే. ఆగకుండా కూడితే ఒకే ముక్కను రెండుసార్లు కూడినట్టు. అందుకే పోల్చడం ముందు, దాటడం తర్వాత.

రెండోది, లోపలి లూపుల్లో `i < j` రాయకపోవడం. అన్నీ మూడులే ఉన్న అరేలో ఎడమ వేలు ఆపేవాళ్లు లేక బల్ల అంచు దాటిపోతుంది. పైథాన్ అయితే `IndexError` ఇచ్చి కనీసం మీకు చెబుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఆ భరోసా లేదు. మీ మెషీన్‌లో బాగానే నడిచి, జడ్జి దగ్గర పడిపోవచ్చు.

4. వేర్వేరు స్థానాలు కావాలంటే: ఒక్కొక్కటే లెక్కపెట్టకండి, గుణించండి

ఇక్కడ జతల్ని ఒక్కొక్కటిగా పట్టుకోవాలని చూస్తే వేళ్లు తికమక పడతాయి. ఎడమ వేలు ముందుకెళ్తే పాత ఆసుకు మొదటి ఐదుతో ఉన్న జత పోతుంది. కుడి వేలు వెనక్కి వస్తే రెండో ఆసుకు పాత ఐదుతో ఉన్న జత పోతుంది. దారి ఏమిటి? ఎడమ వైపు ఆసులు ఎన్ని, కుడి వైపు ఐదులు ఎన్ని అని గుంపులుగా లెక్కపెట్టి గుణించడమే. 2ను 2తో గుణిస్తే 4.

మరి మూడుల దగ్గర? ఎడమ వేలు మొదటి మూడు మీద, కుడి వేలు చివరి మూడు మీద ఉన్నాయి. వరుసలో ఉన్న అరేలో రెండు చివర్లూ ఒకటే అయితే మధ్యలో ఉన్నవన్నీ కూడా అవే. అంటే ఇక్కడ రెండు గుంపులు లేవు, ఒకటే గుంపు ఉంది. ఇక్కడా అలాగే 3ను 3తో గుణిస్తే 9 వస్తుంది. కానీ అందులో ఒక ముక్క తనతో తానే జతకట్టినవి మూడున్నాయి. మిగతా ఆరింట్లోనూ ప్రతి జతా రెండుసార్లు లెక్కకొచ్చింది. అందుకే గుంపులో `k` ముక్కలుంటే జతలు `k * (k - 1) / 2`. మూడింటికి మూడు.

```python
def count_pairs(a, t):
    i, j = 0, len(a) - 1
    total = 0
    while i < j:
        s = a[i] + a[j]
        if s < t:
            i += 1
        elif s > t:
            j -= 1
        elif a[i] == a[j]:
            k = j - i + 1
            total += k * (k - 1) // 2
            break
        else:
            x, y = a[i], a[j]
            p = q = 0
            while a[i] == x:
                i += 1
                p += 1
            while a[j] == y:
                j -= 1
                q += 1
            total += p * q
    return total
```

ఆ `break` ఎందుకో గమనించారా? రెండు వేళ్ల మధ్య ఉన్న ముక్కలన్నీ లెక్కలోకి వచ్చేశాయి, ఇంక చూడాల్సింది ఏమీ లేదు. చివరి భాగంలోని లోపలి లూపులకు `i < j` కాపలా ఎందుకు లేదని అడగొచ్చు. అక్కడికి వచ్చామంటే `x`, `y` వేర్వేరు. ఎడమ వేలు ఐదుల గుంపు రాగానే ఆగక తప్పదు, కుడి వేలు ఆసుల గుంపు రాగానే ఆగక తప్పదు. పైగా ఇక్కడ ఆ కాపలా పెడితేనే నష్టం. `1 1 5 5` మీద వేళ్లు కదిపి చూడండి. ఆసులు దాటాక ఎడమ వేలు మొదటి ఐదు మీద నిలబడుతుంది. కాపలా ఉంటే కుడి వేలు దాన్ని తాకి అక్కడే ఆగిపోతుంది. ఆ ఐదు లెక్కలోకి రాదు. జవాబు 4కు బదులు 2 వస్తుంది.

అంటే ముందు కోడ్‌లో ఉండితీరాల్సిన కాపలా ఈ కోడ్‌లో ఉండకూడదు. ఒకదాన్ని కాపీ చేసి రెండోదిగా మార్చేటప్పుడు చాలామంది జారిపడేది ఇక్కడే.

జావా, సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లకు ఇంకో మాట. లక్ష సున్నాలున్న అరేలో మొత్తం 0 వచ్చే జతలు ఎన్ని? 499,99,50,000. 32 బిట్ల `int`లో పట్టేది 214,74,83,647 వరకే. మీ కోడ్ తప్పు లేకుండా నడిచి, అర్థంలేని సంఖ్య చూపిస్తుంది. `total`ను, గుణకారాన్ని రెండింటినీ 64 బిట్లలో చేయండి. చిన్న టెస్టులన్నీ పాసై పెద్దవి మాత్రమే ఫెయిలవుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఈ ప్రశ్నలో సంఖ్య కాకుండా జతల జాబితానే ఇమ్మంటే? అప్పుడు ఆ దాదాపు ఐదు వందల కోట్ల జతల్నీ రాయాల్సిందే. ఏ ఉపాయమూ దాన్ని తగ్గించలేదు. గుణకారం పనికొచ్చేది ఎన్ని అని అడిగినప్పుడే.

5. ఒక ముక్క ఒక్కసారే అంటే: రెండు వేళ్లూ ఒక్కో అడుగు

ఇది అన్నింటికన్నా తేలిక. జత దొరకగానే లెక్క ఒకటి పెంచి, ఎడమ వేలు ఒక ముక్క ముందుకు, కుడి వేలు ఒక ముక్క వెనక్కి జరపండి. దాటాల్సిన లూపులు లేవు, గుణించాల్సిన గుంపులు లేవు.

```python
else:
    total += 1
    i += 1
    j -= 1
```

ఈ మూడు వరుసలు చాలామంది మొదటి ప్రయత్నంలో రాసేవే. డూప్లికేట్లు లేని అరేలో మూడు ప్రశ్నలకూ ఇదే సరైన జవాబు ఇస్తుంది. అందుకే అది నమూనా టెస్టులు దాటేస్తుంది, అందుకే దాన్ని నమ్ముతాం. లీట్‌కోడ్‌లో 1679వ ప్రశ్న అడిగేది కచ్చితంగా ఈ మూడో అర్థాన్నే, అక్కడ సార్ట్ చేశాక ఈ కోడ్ దిట్టంగా పనిచేస్తుంది. అదే కోడ్‌ను స్థానాల లెక్కకు వాడితే 7 రావాల్సిన చోట 3 వస్తుంది.

6. మరి ఆ 4 ఎక్కడిది?

నాలుగో అబ్బాయి కోడ్ చూశాను. మొత్తం సరిపోయినప్పుడు అతను ఎడమ వేలిని మాత్రమే ఒక అడుగు జరిపాడు. మీరూ జరిపి చూడండి. మొదటి ఆసు చివరి ఐదుతో, ఒకటి. రెండో ఆసు అదే ఐదుతో, రెండు. తర్వాత ఎడమ వేలు 2 మీదకి వెళ్తుంది, మొత్తం 7 అవుతుంది, కుడి వేలు ఐదులు రెండూ వదిలేసి మూడు మీదకి వస్తుంది. మొదటి మూడు చివరి మూడుతో, మూడు. రెండో మూడు చివరి మూడుతో, నాలుగు.

చివరి ఐదు రెండుసార్లు లెక్కకొచ్చింది, దాని పక్కనున్న ఐదు ఒక్కసారీ రాలేదు. విలువలు అడిగితే ఇది ఎక్కువ, స్థానాలు అడిగితే తక్కువ, ఒక్కసారే వాడమంటే తప్పు. మూడు ప్రశ్నల్లో దేనికీ చెందని జవాబు ఇదొక్కటే.

దీనికి తోడు ఇంకో పొరపాటు: బయటి లూప్‌లో `i < j`కు బదులు `i <= j` రాయడం. `1 3 4`లో 6 వెతకండి. 1, 4 తక్కువ. 3, 4 ఎక్కువ. ఇప్పుడు రెండు వేళ్లూ ఒకే మూడు మీద ఉన్నాయి. 3, 3 కలిస్తే 6 అంటూ మీ కోడ్ లేని జతను చూపిస్తుంది. బల్ల మీద ఉన్నది ఒక్క మూడే కదా!

7. సబ్మిట్ చేసే ముందు ఈ ఐదూ వేసి చూడండి

జవాబులు విలువలు, స్థానాలు, ఒక్కసారే అన్న వరుసలో ఇస్తున్నాను.

```
[3]              t=6   0  0  0
[1,3,4]          t=6   0  0  0
[3,3,3]          t=6   1  3  1
[1,1,5,5]        t=6   1  4  2
[-2,-2,0,2,2]    t=0   1  4  2
```

చివరిదాన్ని తీసిపారేయకండి. ఒంటరి సున్నా తనతో తాను జతకట్టకూడదని, రుణ సంఖ్యలతోనూ వేళ్లు సరిగ్గానే కదులుతున్నాయని ఒకేసారి పరీక్షిస్తుంది.

ఇంకా నమ్మకం చాలకపోతే, రెండు లూపులతో అన్ని స్థానాల జతల్నీ పోల్చే మొద్దు కోడ్ ఒకటి రాసి, దాని జవాబును మీ `count_pairs` జవాబుతో పోల్చండి. యాదృచ్ఛిక అరేలు వందల్లో తయారు చేసి, ప్రతిదాన్నీ సార్ట్ చేశాకే `count_pairs`కు ఇవ్వండి. కానీ సంఖ్యల్ని 1 నుంచి కోటి దాకా తీసుకోకండి. అంత విశాలమైన చోట పది సంఖ్యలు తీస్తే రెండు ఒకటవడం అరుదు, మీరు పరీక్షించాలనుకున్నదే పరీక్షకు రాదు. 0 నుంచి 5 దాకా ఉన్న సంఖ్యలతో, ఎనిమిదేసి ముక్కల అరేలు చాలు. ఎనిమిది ముక్కలకు ఆరే విలువలు ఉన్నప్పుడు ప్రతి అరేలోనూ కనీసం ఒక సంఖ్య రెండోసారి రాక తప్పదు.

ఆ ముక్కలు బల్ల మీద ఇంకా ఉన్నాయి కదా? తీసేయకండి. ఇంకో మూడు తెచ్చి నాలుగో మూడుగా వాటి పక్కన పెట్టండి. ఇప్పుడు మూడు ప్రశ్నలకూ జవాబులు ఎంతెంతో కోడ్ నడపకుండా, వేళ్లతోనే లెక్కపెట్టండి. 2, 10, 4 వచ్చాయా? అయితే కీబోర్డు దగ్గరికి వెళ్లండి.